15 లక్షల ఫ్రాంచైజీకి అసలు ఎంత డబ్బు కావాలి? టీ షాప్ లెక్క మొత్తం వేసి చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క లెక్క చేద్దాం. టీ ఫ్రాంచైజీ లెక్క. ఎందుకంటే మన దగ్గర జాబ్ మానేసి, లేదా జాబ్ రాక, "ఏదైనా బ్రాండ్ తీసుకుని పెట్టేద్దాం" అనుకునేవాళ్లలో చాలామంది చూసేది ఇదే. ఇంట్లో నాన్న రిటైర్‌మెంట్ డబ్బులో, అమ్మ బంగారం మీద లోనో పెట్టి దిగుతారు. కాబట్టి సంతకం పెట్టే ముందు ఒక సాయంత్రం కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి.

ముందే చెప్తున్నా, నేను ఏ బ్రాండ్ పేరూ చెప్పట్లేదు. ఇక్కడ వాడే అంకెలు ఉదాహరణ కోసం నేను పెట్టినవి. మీ చేతిలో ఉన్న బ్రోచర్ అంకెలు వేరే ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే, అంకెలు మార్చుకుంటే చాలు.

ముందు బ్రోచర్ ఏం చెప్తుందో చూద్దాం

కరీంనగర్ లాంటి జిల్లా కేంద్రం అనుకోండి. కాలేజీ రోడ్డులో ఒక షట్టర్, 200 చదరపు అడుగులు. ఫ్రాంచైజీ ఫీజు 5 లక్షలు. దీనిమీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 90 వేలు. ఇంటీరియర్, మెషీన్లు, బోర్డు అన్నీ కలిపి 7 లక్షలు. షట్టర్ కిరాయి నెలకి 25 వేలు, ఆరు నెలల అడ్వాన్స్ లక్షన్నర. మొదటి సరుకు, లైసెన్సులు 60 వేలు. మొత్తం కరెక్ట్‌గా 15 లక్షలు. అగ్రిమెంట్ ఐదేళ్లకి.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఆ 90 వేల జీఎస్టీ తర్వాత తిరిగొస్తుందిలే అని కొందరు చెప్తారు. మామూలు టీ షాపులు, చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. ఆ 5 శాతం పద్ధతిలో మనం కట్టిన జీఎస్టీని వెనక్కి క్లెయిమ్ చేసుకునే వీలు లేదు. కాబట్టి ఆ 90 వేలు మన ఖర్చే. ఫీజు 5 లక్షలు కాదు, 5 లక్షల 90 వేలు అని రాసుకోండి.

ఇప్పుడు బ్రోచర్‌లో రెండో పేజీ. "రోజుకి 400 బిల్లులు, 16 నెలల్లో పెట్టుబడి వెనక్కి." ఈ మాట అబద్ధం అని నేను అనట్లేదు. లెక్క కూడా సరిపోతుంది. కానీ ఆ లెక్కలో షాప్ ఓపెన్ చేసిన మొదటి రోజు నుంచే 400 బిల్లులు పడుతున్నాయి. అసలు గొడవ అక్కడే ఉంది.

వంద రూపాయల అమ్మకంలో మనకి మిగిలేది ఎంత?

జీఎస్టీ తీసేశాక సగటు బిల్లు 35 రూపాయలు అనుకుందాం. ఒకరు టీ తాగుతారు, ఇంకొకరు టీతో పాటు బన్నో సమోసానో తీసుకుంటారు, సగటున అంత.

వంద రూపాయలు గల్లాలో పడితే పాలు, టీ పొడి, చక్కెర, కప్పులు, గ్యాస్, పారబోసింది అన్నీ కలిపి 42 రూపాయలు పోతాయి అనుకుందాం. తర్వాత రాయల్టీ 6 శాతం, బ్రాండ్ ప్రచారం కోసం ఇంకో 2 శాతం. ఈ 8 శాతం మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 9 రూపాయల 50 పైసలు. మిగిలింది 48 రూపాయల 50 పైసలు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. రాయల్టీ అనేది అమ్మకం మీద, లాభం మీద కాదు. మీకు ఆ నెల నష్టం వచ్చినా బ్రాండ్‌కి వాళ్ల వాటా వెళ్లిపోతుంది. మీరు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్ పెట్టి అమ్మకం పెంచితే వాళ్ల ఆదాయం పెరుగుతుంది, మీ గల్లా తగ్గొచ్చు. అందుకే అమ్మకం పెరిగితే చాలు అనే మాట వాళ్లకి ఎప్పుడూ నిజం, మనకి మాత్రం కొన్నిసార్లే నిజం.

ఇక అమ్మినా అమ్మకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సినవి. కిరాయి 25 వేలు. టీ మాస్టర్, ఇద్దరు కుర్రాళ్లు, ఒక హెల్పర్, నలుగురికీ కలిపి 60 వేలు. కరెంటు 15 వేలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, రిపేర్లు, అకౌంటెంట్ కలిపి 10 వేలు. మొత్తం లక్షా 10 వేలు. ఇందులో ఓనర్ జీతం లేదు, చూశారు కదా. పొద్దున్న ఆరింటికి షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి దించే మనిషికి ఈ లెక్కలో రూపాయి కూడా రాయలేదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు లాభం లేదు నష్టం లేదు అనే గీత ఎక్కడుందో చూద్దాం. రోజుకి ఒక బిల్లు చొప్పున నెలంతా పడితే 1,050 రూపాయల అమ్మకం. అందులో 48.5 శాతం, అంటే సుమారు 509 రూపాయలు మనకి మిగులుతుంది. లక్షా 10 వేలని 509తో భాగిస్తే 216. అంటే రోజుకి 216 బిల్లులు పడితే ఖర్చులకి సరిపోతుంది. 217వ బిల్లు నుంచే లాభం.

మొదటి సంవత్సరం ఎలా నడుస్తుంది

కొత్త షాపుల్లో గిరాకీ చాలాసార్లు ఇలా నడుస్తుంది. మొదటి నెల ఓపెనింగ్ ఆఫర్ ఉంటుంది, ఫ్రెండ్స్, చుట్టాలు వస్తారు, రీల్స్ చేస్తారు. మనకి చాలా హ్యాపీగా ఉంటుంది. రెండో నెలకి ఆఫర్ పోతుంది, కొత్తదనం పోతుంది, గిరాకీ పడిపోతుంది. అక్కడి నుంచి అలవాటుగా వచ్చేవాళ్లు మెల్లగా తయారవుతారు. టీ అనేది అలవాటు కదా. ఎదురుగా ఉన్న పాత హోటల్లో పదేళ్లుగా తాగుతున్న మనిషి మన దగ్గరికి మారడానికి టైమ్ పడుతుంది.

మన ఉదాహరణలో మొదటి నెల రోజుకి 180 బిల్లులు, రెండు, మూడు నెలల్లో 120. తర్వాత వరుసగా 140, 150, 160, 180, 200, 210, 220, 230. పన్నెండో నెలకి 240. చెడ్డ షాప్ ఏం కాదు ఇది. డిసెంబర్ వరకు చూస్తే గ్రాఫ్ పైకే వెళ్తోంది.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఓపెన్ చేయండి. A కాలమ్‌లో నెల, B లో రోజుకి బిల్లులు. C లో ఆ నెల మిగులు, D లో అప్పటివరకు మొత్తం. రెండో వరుస నుంచి మొదలుపెడితే ఫార్ములాలు ఇవి:

```
C2: =B2*1050*0.485-110000
D2: =C2
D3: =D2+C3
F1: =MIN(D2:D13)
```

C2ని, D3ని కిందికి లాగితే మిగతా నెలలు అవే నిండుతాయి. ఇప్పుడు చూడండి. మొదటి నెల అంత సందడి ఉన్నా 18 వేల నష్టం. రెండు, మూడు నెలల్లో ఒక్కోదానికి దాదాపు 49 వేలు నష్టం. ఆరో నెలలో 28 వేలు. తొమ్మిదో నెలలో 3 వేలు. పదో నెలలో మొదటిసారి లాభం, ఎంతో తెలుసా? 2 వేల రూపాయలు.

F1లో వచ్చిన సంఖ్యే ఈ ఎపిసోడ్ మొత్తానికి ముఖ్యమైనది. తొమ్మిదో నెల చివరికి మన జేబులోంచి ఇంకా 2 లక్షల 46 వేల 500 పోయి ఉంటాయి. కాబట్టి ఈ షాప్ రేటు 15 లక్షలు కాదు, పదిహేడున్నర లక్షలు. బ్రోచర్‌లో ఈ రెండున్నర లక్షలు ఎక్కడా ఉండవు, ఎందుకంటే అవి బ్రాండ్‌కి కట్టేవి కావు.

దీనికి ఇల్లు గడిచే ఖర్చు కలపండి. నెలకి 25 వేలు చొప్పున తొమ్మిది నెలలకి రెండుంపావు లక్షలు. అప్పుడు 19 లక్షల 70 వేలు దాటింది. చేతిలో ఉన్న 15 లక్షలూ తీసుకెళ్లి ఓపెనింగ్‌కే పెట్టేస్తే, మూడో నెలలో పాలవాడికి కట్టడానికి అప్పు చేయాల్సి వస్తుంది. మంచి సెంటర్‌లో ఉన్న షాప్ కూడా అలా మూతపడుతుంది. గిరాకీ వచ్చేలోపు డబ్బు అయిపోతుంది, అంతే.

లోన్ తీసుకుంటే ఇంకా జాగ్రత్త. 10 లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే ఈఎమ్‌ఐ సుమారు 21,700. అది కూడా నెల ఖర్చులో కలపండి. ఇందాక 216 దగ్గర ఉన్న గీత 259కి పోతుంది. మన షాప్ పన్నెండో నెలలో 240 దగ్గరే ఉంది. అంటే ఏడాది గడిచినా ఇంకా జేబులోంచే పెడుతున్నాం.

ఐదేళ్లు అయ్యాక ఏం మిగిలింది?

లోన్ లేదనే అనుకుందాం. రెండో ఏడాది సగటున 300 బిల్లులు, మూడు నుంచి ఐదో ఏడాది వరకు 330. ఖర్చులు, రేట్లు రెండూ ఒకే తీరుగా పెరుగుతాయని అనుకుని అవే అంకెలతో లెక్క వేద్దాం.

మొదటి ఏడాది మొత్తం మీద రెండుంపావు లక్షల నష్టం. రెండో ఏడాది 5 లక్షల 13 వేల లాభం. తర్వాత మూడేళ్లు ఏడాదికి దాదాపు 7 లక్షలు. మొత్తం కలిపితే 23 లక్షల 80 వేలు. షట్టర్ అడ్వాన్స్ లక్షన్నర తిరిగి వచ్చింది. పెట్టిన 15 లక్షలు తీసేస్తే మిగిలింది 10 లక్షల 30 వేలు. పెట్టుబడి వెనక్కి రావడానికి 16 నెలలు కాదు, 45 నెలలు పట్టింది.

10 లక్షల 30 వేలని 60 నెలలకి పంచండి. నెలకి 17 వేలు. ఇది ఓనర్ జీతం లేకుండా వచ్చిన లెక్క అని చెప్పా కదా, కాబట్టి ఈ 17 వేలే మీ జీతం. అదే 15 లక్షలు 6.5 శాతానికి బ్యాంకులో వేసినా నెలకి 8 వేలు వస్తుంది. అంటే మీ ఐదేళ్ల కష్టానికి నెలకి 9 వేలు. మీ టీ మాస్టర్‌కి అంతకన్నా ఎక్కువ ఇస్తున్నారు.

అదే ఐదేళ్లలో బ్రాండ్‌కి ఎంత వెళ్లింది? ఫీజు, రాయల్టీ, ప్రచారం, వాటి మీద జీఎస్టీ అన్నీ కలిపి 23 లక్షల 30 వేలు పైనే.

బోర్డు లేకుండా పెడితే?

అంటే ఫ్రాంచైజీ వేస్టా? అలా కాదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ బోర్డు వల్ల మనకి ఎన్ని బిల్లులు ఎక్కువ వస్తాయి?

ఇదే షట్టర్‌లో సొంత పేరుతో పెడితే రాయల్టీ పోదు కాబట్టి వందకి 58 రూపాయలు మిగులుతుంది. ఒక బిల్లు రోజూ పడితే నెలకి 509 కాదు, 609. బ్రాండ్‌తో 330 బిల్లులు చేసినప్పుడు వచ్చే మిగులులోంచి, 5 లక్షల 90 వేల ఫీజుని 60 నెలలకి పంచి తీసేయండి. అదే మిగులు సొంత పేరుతో రావాలంటే 260 బిల్లులు చాలు. కాబట్టి ఈ బ్రాండ్ పేరు చూసి రోజుకి కనీసం 70 మంది అదనంగా లోపలికి రావాలి. లేదా సొంతంగా చేస్తే మనం చేసే తప్పుల ఖర్చుని బ్రాండ్ ఆపాలి. టీ రుచి రోజూ ఒకేలా రావడం, మాస్టర్ మానేస్తే ఇంకొకరిని పంపడం, సరుకు టైమ్‌కి రావడం, ఇవన్నీ నిజంగా చేసే బ్రాండ్ అయితే ఆ డబ్బుకి విలువ ఉంది. బోర్డు, వాట్సాప్ గ్రూప్ ఇచ్చి వదిలేస్తే లేదు.

నిజం అంకెలు ఎలా తెలుసుకోవాలి?

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ, సంతకానికి లేదా డబ్బు తీసుకోవడానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాలున్న ఒక పత్రం ఇవ్వాలి. అందులో ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూశారు, మానేసిన ఓనర్లని ఎలా కాంటాక్ట్ చేయాలి, అన్నీ ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. సంతకం పెట్టిన అగ్రిమెంటే మనకి అన్నీ. కాబట్టి ఆ పత్రం మనమే తయారు చేసుకోవాలి.

మొదటి పని, బిల్లులు లెక్కపెట్టడం. మీ ఊరి లాంటి ఊళ్లో అదే బ్రాండ్ షాప్‌కి వెళ్లండి, హైదరాబాద్ హైటెక్ సిటీ షాప్‌కి కాదు. పొద్దున్న తెరవగానే ఒక టీ తాగి బిల్లు తీసుకోండి. రాత్రి మూసే ముందు ఇంకో టీ, ఇంకో బిల్లు. రెండింటి మీదా నంబర్ ఉంటుంది. తేడా తీస్తే ఆ రోజు ఎన్ని బిల్లులో వచ్చేసింది. కొన్ని షాపుల్లో నంబర్ రోజూ ఒకటి నుంచి మొదలవుతుంది, అప్పుడు రాత్రి బిల్లు ఒక్కటే చాలు. ఒక సోమవారం, ఒక శనివారం చేయండి. ఏడాది దాటిన షాప్ ఒకటి, నాలుగైదు నెలల షాప్ ఒకటి చూడండి. రెండోది మీ మొదటి సంవత్సరం ఎలా ఉంటుందో చూపిస్తుంది.

షాప్ వయసు తెలుసుకోవడానికి బిల్లు మీదున్న జీఎస్టీ నంబర్‌ని gst.gov.in లో Search Taxpayer దగ్గర కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా Active గా ఉందా Cancelled అయ్యిందా కనిపిస్తుంది. ఓనర్‌కి ముందే వేరే వ్యాపారం ఉంటే తేదీ పాతది ఉండొచ్చు, అది గమనించుకోండి.

రెండో పని, మూతపడినవి వెతకడం. బ్రాండ్ వాళ్ల ఇన్‌స్టా పేజీలో కిందికి స్క్రోల్ చేస్తూ రెండేళ్ల కిందటి గ్రాండ్ ఓపెనింగ్ పోస్టుల దాకా వెళ్లండి. ఒక ఇరవై షాపుల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కటీ గూగుల్ మ్యాప్స్‌లో చూడండి, ఫోన్ చేయండి. ఇరవైలో ఎన్ని బతికున్నాయో అదే మీకు బ్రోచర్. మూసేసిన ఓనర్ దొరికితే మర్యాదగా ఒక్కటే అడగండి: "అన్నా, ఎన్నో నెలలో డబ్బు అయిపోయింది?" కంపెనీ ఇచ్చిన మూడు నంబర్లకి మాత్రమే ఫోన్ చేసి ఆగిపోవద్దు.

అగ్రిమెంట్‌లో మూడు లైన్లు

మొదటిది, కనీస రాయల్టీ. "6 శాతం లేదా నెలకి 12 వేలు, ఏది ఎక్కువైతే అది" అని ఉంటుంది కొన్నింటిలో. మన రెండో నెల అమ్మకం లక్షా 26 వేలు. 6 శాతం అంటే 7,560 కట్టాలి. ఈ లైన్ ఉంటే 12 వేలు కట్టాలి. గిరాకీ లేని నెలల్లోనే ఈ లైన్ కొడుతుంది. మొదటి ఆరు నెలలు కనీస మొత్తం వద్దని, వీలైతే రాయల్టీయే తగ్గించమని అడగండి. నోటితో ఒప్పుకుంటే సరిపోదు, అగ్రిమెంట్‌లోకి ఎక్కాలి.

రెండోది, సరుకు ఎక్కడ కొనాలి. టీ పొడి, కప్పులు వాళ్ల దగ్గరే కొనాలి అంటే ఈరోజు రేట్ల లిస్ట్ తీసుకుని హోల్‌సేల్ షాప్‌లో పోల్చి చూడండి. తేడా ఎక్కువుంటే అది రెండో రాయల్టీ, పేరు మాత్రం వేరే. రేట్లు ఎప్పుడైనా మార్చొచ్చు అనే లైన్ ఉంటే మన 42 రూపాయల లెక్క గాల్లో ఉన్నట్టే.

మూడోది, బయటికి ఎలా రావాలి. లాక్-ఇన్ ఎన్నాళ్లు, మధ్యలో మూస్తే మిగతా నెలల రాయల్టీ కట్టాలా, వేరేవాళ్లకి అమ్మితే ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంత, మూసేశాక అదే షట్టర్‌లో సొంత పేరుతో టీ అమ్మొచ్చా. ఇవి లాయర్‌తో చదివించండి. 5 లక్షల 90 వేల ముందు లాయర్ ఫీజు పెద్ద ఖర్చు కాదు.

ఎక్కడ ఆగాలో ముందే రాసుకోండి

మెల్లగా పెరగడం వేరు, పెరగకపోవడం వేరు. లోపల కూర్చున్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆఫర్లు ఏమీ లేని రోజులు తీసుకుని, సోమవారాన్ని సోమవారంతో, శనివారాన్ని శనివారంతో పోల్చండి. ఎనిమిది వారాలు వరుసగా సంఖ్య కదలకపోతే అది ర్యాంప్-అప్ కాదు, ఆ సెంటర్ గిరాకీయే అంత. మన లెక్కలో 150 దగ్గర ఆగిపోతే నెలకి 33 వేల 600 నష్టం, ప్రతి నెలా. కాలేజీ సెలవులు, పరీక్షల నెలలు మాత్రం ఈ పోలికలోంచి తీసేయండి.

ఇంకా సంతకం పెట్టకముందే ఒక కాగితం మీద రెండు అంకెలు రాసి ఇంట్లోవాళ్లకి చూపించండి. ఎన్నో నెలకి ఎన్ని బిల్లులు రావాలి, రాకపోతే ఎంత నష్టం దగ్గర షట్టర్ దించేస్తాం. అప్పుడైతే మనసు ప్రశాంతంగా ఉంటుంది, అంకె నిజాయితీగా వస్తుంది. ఎనిమిదో నెలలో అదే ప్రశ్న వేసుకుంటే "ఇంకో రెండు నెలలు చూద్దాం" అనే జవాబే వస్తుంది.

షీట్‌లో మీ కిరాయి, మీ జీతాలు, మీరు లెక్కపెట్టిన బిల్లులు పెట్టి F1లో ఏం వస్తుందో చూడండి. ఆ సంఖ్యకి 15 లక్షలు కలిపి, ఇంటి ఖర్చు కలిపి, అంత డబ్బు అప్పు లేకుండా చేతిలో ఉంటేనే బ్రాండ్ వాళ్లతో రెండో మీటింగ్‌కి వెళ్లండి. లేకపోతే టోకెన్ అడ్వాన్స్ కూడా కట్టొద్దు.